అతిథితో పాడ్‌కాస్ట్ ఎపిసోడ్ విడుదలయ్యాక పెట్టే చిన్న పోస్టు: ఏ అంశాలు రాయాలి, ఏ లింకు ఇవ్వాలి?

ఎపిసోడ్ రికార్డు చేయడానికి ఒక పూట పడుతుంది, ఎడిటింగ్‌కి రెండు రోజులు పడుతుంది. విడుదలైందని చెప్పే పోస్టు మాత్రం చివరి పది నిమిషాల్లో, ఫోన్ మీద, అలసిపోయి రాస్తాం. అందులో అతిథి పేరు ఉంటుంది, డిగ్రీలు ఉంటాయి, ‘ఎన్నో ఆసక్తికరమైన విషయాలు పంచుకున్నారు’ అన్న వాక్యం ఉంటుంది, కింద ఆరు లింకులు ఉంటాయి. నేనూ మా బావమరిదీ పాడి రైతుల కోసం పాడ్‌కాస్ట్ మొదలుపెట్టిన కొత్తలో అచ్చంగా ఇలాగే రాశాం. ఇప్పుడు అలా రాయడం లేదు. ఏది వదిలేశాం, ఏది ఎంచుకున్నాం, ఎందుకన్నది ఒకే ఒక్క ఎపిసోడ్ పట్టుకుని చెబుతాను.

ఆ ఎపిసోడ్ నిడివి 42 నిమిషాలు. అతిథి పాతికేళ్ళుగా పల్లెల్లో పనిచేస్తున్న పశువైద్యురాలు. ఊళ్ళో అందరూ డాక్టరమ్మ అనే పిలుస్తారు, నేనూ అలాగే అంటాను. విషయం గేదెల్లో పొదుగువాపు. పాల దిగుబడి పడిపోవడానికీ, మంచి గేదెని తక్కువ ధరకి అమ్ముకోవడానికీ కారణమయ్యే జబ్బు కాబట్టి, ఈ ఎపిసోడ్ చేరాల్సిన వాళ్ళకి చేరాలని మాకు గట్టిగా ఉండింది.

ముఖ్యాంశాలు: మూడు పద్ధతులు

అతిథి చెప్పినదాన్ని పోస్టులో పెట్టడానికి సాధారణంగా మూడు దారులున్నాయి.

మొదటిది విషయసూచిక పద్ధతి. ‘పొదుగువాపు ఎందుకు వస్తుంది, లక్షణాలు, నివారణ, చికిత్స, ఇంకా ఎన్నో’ అని రాయడం. రాయడం తేలిక, తప్పు దొర్లే అవకాశమూ తక్కువే. కానీ చదివినవాడికి చేతికేమీ అందదు. ఈ వరస పొదుగువాపుకి బదులు గాలికుంటుకి పెట్టినా సరిపోతుంది. అంటే మన ఎపిసోడ్ గురించి అది ఏమీ చెప్పడం లేదన్నమాట.

రెండోది ప్రశ్న పద్ధతి. ‘పాలు పితికిన వెంటనే మీ గేదె చేస్తున్న ఆ ఒక్క పని ఎంత ప్రమాదమో తెలుసా?’ అని ఆపేయడం. దీనికి నొక్కేవాళ్ళు ఉంటారు. మేమూ రెండుసార్లు వాడాం. అయితే పొద్దున నాలుగున్నరకి లేచి పాలు పితికి, కేంద్రానికి పోసి, అప్పుడు ఫోన్ తెరిచే మనిషికి ఈ ఊరింపు నచ్చదు. ‘చెప్పేదేదో చెప్పొచ్చుగా’ అనిపిస్తుంది. పైగా డాక్టరమ్మ లాంటి మనిషి మాటని అలా చుట్టి అమ్మితే ఆవిడ మర్యాద తగ్గుతుంది. అతిథి తన పేరునీ తన సమయాన్నీ మనకి ఇచ్చారు. పోస్టులో ఆ పేరు పక్కన ఏ మాట నిలబడుతుందన్నది మన బాధ్యత.

మూడోది పూర్తి మాట పద్ధతి. అతిథి చెప్పిన రెండు మూడు సంగతులని, ఎపిసోడ్ వినకపోయినా పనికొచ్చేటంత పూర్తిగా రాసేయడం. ‘పాలు పితికాక చనుమొన రంధ్రం వెంటనే పూర్తిగా మూసుకోదు. ఆ సమయంలో గేదె పేడలో, తడిలో పడుకుంటే క్రిములు లోపలికి వెళ్తాయి. కాబట్టి పితికిన వెంటనే మేత వేసి కనీసం అరగంట నిలబడేలా చూడండి.’ ఇందులో కారణం ఉంది, చేయాల్సిన పని ఉంది, ఎంతసేపన్నది ఉంది.

నేను మూడోదాన్నే ఎంచుకుంటాను. ‘అంతా పోస్టులోనే చెప్పేస్తే ఎపిసోడ్ ఎవరు వింటారు?’ అని మా బావమరిది మొదట్లో వాదించాడు. వాదన సబబైనదే, అందుకే జవాబు కాస్త వివరంగా చెప్పాలి. 42 నిమిషాల మాటలో నుంచి మూడు వాక్యాలు బయటపెడితే తరగేది ఏమీ లేదు. మూడు వాక్యాలు చదివి పనికొచ్చాయనుకున్న మనిషే మిగతాది వినడానికి కూర్చుంటాడు. విననివాడికి కూడా ఆ అరగంట సంగతి తెలిసింది, వాళ్ళ అన్నకి చెబుతాడు. అయితే ఒక మెళకువ ఉంది. ‘ఏమిటి’, ‘ఎందుకు’ అన్నవి పోస్టులో ఇవ్వండి, ‘ఎలా’ అన్నది పొడుగైతే ఎపిసోడ్‌కి వదిలేయండి. కంటికి మామూలుగా కనిపించే పాలలోనే జబ్బు దాగి ఉండొచ్చు, దాన్ని పాకలోనే పట్టుకునే పరీక్ష ఉంది అన్నది పోస్టులో రాశాం. నాలుగు గుంటలున్న పళ్ళెంలో ఒక్కో చన్ను పాలు ఒక్కో గుంటలో పోసి, అంతే పరిమాణంలో ద్రావణం కలిపి, గుండ్రంగా తిప్పుతూ, చిక్కబడి జిగురులా మారుతోందేమో చూడటం అన్నది డాక్టరమ్మ నోటితో వింటేనే బోధపడుతుంది. దానికి నిమిషం, సెకను చెప్పి వదిలేశాం.

ప్రశ్న పద్ధతి సరిపోయే సందర్భం ఒకటుంది. అతిథి తన జీవితకథ చెప్పిన ఎపిసోడ్ అయితే, అందులో ‘చేయాల్సిన పని’ ఏమీ ఉండదు. అప్పుడు కథలోని ఒక మలుపు దగ్గర ఆపడం న్యాయమే. విషయసూచిక పద్ధతి ఎపిసోడ్ వివరణలో, యూట్యూబ్ వీడియో కింద సమయాల పట్టికగా బాగా పనికొస్తుంది. పోస్టులో పనికిరాదు.

ఏ మూడు?

42 నిమిషాల్లో డాక్టరమ్మ పనికొచ్చే సంగతులు పదిహేను దాకా చెప్పారు. ఎడిటింగ్ చేసేటప్పుడే ఒక కాగితం మీద సమయంతో సహా రాసుకున్నాను. తరువాత ఒక్కోదానికీ రెండు ప్రశ్నలు వేసుకున్నాను. రైతు రేపు పొద్దున్నే, ఖర్చు లేకుండా, దీన్ని చేయగలడా? ఈ వాక్యం ఒక్కటే విడిగా ఇంకో వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళిపోతే, హాని చేస్తుందా?

రెండో ప్రశ్న వల్లే మందుల పేర్లూ, మోతాదులూ అన్నీ కొట్టేశాను. ఎపిసోడ్‌లో ఆవిడ ఒక యాంటీబయాటిక్ గురించి మాట్లాడినప్పుడు, ముందు పాలు పరీక్ష చేయించాలని, కోర్సు మధ్యలో ఆపొద్దని, వాడినన్నాళ్ళూ ఆ తరువాత సీసా మీద రాసిన రోజుల వరకూ పాలు అమ్మొద్దని కూడా చెప్పారు. పోస్టులో మందు పేరు రాస్తే ఆ జాగ్రత్తలన్నీ ఊడిపోయి, పేరు ఒక్కటే ఫార్వర్డ్ అవుతుంది. మనుషుల వైద్యం, పెట్టుబడులు, చట్టం, పురుగుమందులు, వీటిలో దేని గురించి ఎపిసోడ్ చేసినా ఇదే లెక్క. మందు సంగతి వదిలి ‘అమ్మొద్దు’ అన్న జాగ్రత్తని మాత్రం ముఖ్యాంశంగా పెట్టవచ్చు, అది విడిగా వెళ్ళినా మంచే చేస్తుంది.

ఇలా వడగడితే చివరికి మూడు మిగిలాయి. పితికాక అరగంట నిలబెట్టడం ఒకటి. మంచి గేదెలని ముందు పితికి, జబ్బు చేసినదాన్ని ఆఖరున పితకడం రెండోది. పైకి కనబడని పొదుగువాపుకి పరీక్ష ఉందన్నది మూడోది. మూడే ఎందుకంటే వాట్సాప్‌లో పొడుగు సందేశం మధ్యలో తెగిపోయి, మిగతాది చూడాలంటే నొక్కాలి. నాలుగు, అయిదు రాసినప్పుడు మా లింకు ఆ తెగిన భాగంలోకి పోయేది.

రాసింది అతిథికి చూపించాలి

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. మొదటి చిత్తులో ‘పితికాక అరగంట నిలబెడితే పొదుగువాపు రాదు’ అని రాశాను. పెట్టేముందు డాక్టరమ్మకి పంపాను. ఆవిడ ఫోన్ చేశారు.

“బాబూ, రాదు అని నేనెక్కడ అన్నాను? ముప్పు తగ్గుతుందన్నాను. రేపు అరగంట నిలబెట్టినోళ్ళ గేదెకి వస్తే నన్ను అడగరా?”

వెనక్కి వెళ్ళి విన్నాను. నిజమే, ఆవిడ ‘చాలావరకు తగ్గించుకోవచ్చు’ అన్నారు. కుదించేటప్పుడు మొట్టమొదట ఊడిపోయేవి ఇలాంటి మాటలే: ‘చాలావరకు’, ‘సాధారణంగా’, ‘కొన్ని గేదెల్లో’. వాక్యం చిన్నదవుతుంది, పదునెక్కుతుంది, అబద్ధమూ అవుతుంది. అప్పటినుంచి ఒక అలవాటు పెట్టుకున్నాం. ప్రతి ముఖ్యాంశం పక్కన రికార్డింగులో అది ఎక్కడుందో సమయం రాసి, పోస్టు పెట్టేముందు ఆ ముప్పై సెకన్లు మళ్ళీ విని, పోల్చి, అప్పుడు అతిథికి పంపుతాం. సాయంత్రం లోపు చూసి చెప్పమని అడుగుతాం. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అంటారు, అంతే. ‘ఇందులో మీరు అనని మాట ఏదైనా ఉందా?’ అని అడిగితే చూసి చెబుతారు.

అతిథి పరిచయం సంగతి త్వరగా తేల్చేస్తాను. డిగ్రీలు ముందు రాయడమా, పని ముందు రాయడమా అంటే, పని ముందు. ‘పాతికేళ్ళుగా పల్లెల్లో గేదెలకి వైద్యం చేస్తున్న’ అన్నది రైతుకి నమ్మకం ఇస్తుంది. డిగ్రీలు ఎపిసోడ్ వివరణలో ఉంటాయి. ఆవిడ తోటి వైద్యులకి పంపే పోస్టయితే వరస మార్చుకోవచ్చు.

లింకు: ఒకటా, ఆరా, ఒక పేజీయా?

నేను ఎక్కువ ప్రయోగాలు చేసింది ఇక్కడే. మన ముందు నాలుగు ఎంపికలున్నాయి.

అన్ని లింకులూ వరసగా పెట్టడం ఒకటి. ‘యూట్యూబ్, స్పాటిఫై, ఆపిల్ పాడ్‌కాస్ట్స్, జియోసావన్...’ అని కింద పేర్చడం. ఎవరికి కావలసింది వాళ్ళు నొక్కుతారు కదా అనిపిస్తుంది. చూడటానికి మాత్రం చిందరవందరగా ఉంటుంది. ఇంకో ఇబ్బంది, పాత పోస్టు నుంచి ఈ వరసని కాపీ చేస్తూ పోతే చచ్చిపోయిన లింకులు కూడా వస్తాయి. గూగుల్ పాడ్‌కాస్ట్స్ 2024లోనే మూతపడింది. ఆ తరువాత కూడా చాలా రోజులు మా పోస్టుల్లో ఆ లింకు వెళ్తూనే ఉంది, నొక్కి చూస్తే కదా తెలిసేది.

పాడ్‌కాస్ట్ మొత్తానికి ఉన్న లింకు ఇవ్వడం రెండోది. ఒకే లింకు, ఎప్పటికీ మారదు, కాపీ చేయడం సుఖం. అయితే దాన్ని నొక్కితే పైన కనిపించేది అప్పటికి వచ్చిన తాజా ఎపిసోడ్. మా పోస్టు ఏదో గ్రూపులో రెండు నెలల తరువాత ఎవరో ఫార్వర్డ్ చేస్తే, పొదుగువాపు కోసం నొక్కిన మనిషికి పచ్చిగడ్డి పెంపకం కనబడుతుంది. కిందకి వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళు తక్కువ. ఎపిసోడ్‌ని ప్రకటించే పోస్టులో ఎపిసోడ్ లింకే ఉండాలి, ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

అన్ని వేదికల గుర్తులూ ఉన్న ఒక పేజీ లింకు ఇవ్వడం మూడోది. pod.link, లింక్‌ట్రీ లాంటివి ఇందుకే ఉన్నాయి, సొంత సైటులో కూడా ఇలాంటి పేజీ చేసుకోవచ్చు. పోస్టు శుభ్రంగా ఉంటుంది. సొంత పేజీ అయితే ఎంతమంది ఎక్కడినుంచి వచ్చారో లెక్క కూడా తెలుస్తుంది, తరువాత ఒక లింకు మారితే ఆ పేజీలో మారిస్తే చాలు, పాత పోస్టులన్నీ బాగుపడతాయి. నష్టమల్లా మధ్యలో ఒక మెట్టు ఎక్కువ. అలవాటు లేనివాళ్ళకి ఆ పేజీ తెరుచుకోగానే ‘ఇదేంటి, ఏది నొక్కాలి’ అని ఆగిపోతారు. మా పెద్దనాన్న అక్కడే ఆగిపోయి నాకు ఫోన్ చేశాడు.

ఒకే ఒక వేదికలో ఎపిసోడ్ లింకు నేరుగా ఇవ్వడం నాలుగోది. నొక్కగానే మోగాలి, అంతే. అప్పుడు ఏ వేదిక అన్నది ప్రశ్న.

తెలుగు పల్లెల్లో వినేవాళ్ళకి నా సమాధానం యూట్యూబ్. కొత్తగా ఏ ఆప్ వేసుకోనక్కరలేదు, ఆండ్రాయిడ్ ఫోన్‌లో ముందే ఉంటుంది, లాగిన్ అడగదు. స్పాటిఫై లింకు ఆ ఆప్ లేని ఫోన్‌లో తెరిస్తే, వేసుకోమనో, ఖాతా తెరవమనో అడుగుతుంది. ఆ ఒక్క అడ్డుకే సగం ఉత్సాహం పోతుంది. ఆపిల్ పాడ్‌కాస్ట్స్ ఐఫోన్‌లో ముందే ఉంటుంది కాబట్టి ఐఫోన్ వాళ్ళకి అది చాలా సుఖం. ఆండ్రాయిడ్‌లో ఆ లింకు బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, అంతే తప్ప ఆప్ ఉండదు.

యూట్యూబ్‌కి ఒక పెద్ద లోపం ఉంది, పాడి రైతుకి అది మరీ పెద్దది. డబ్బు కట్టని వాళ్ళకి మామూలు యూట్యూబ్ ఆప్‌లో స్క్రీన్ ఆపితే మాట ఆగిపోతుంది. చేతులు పాలతో, గడ్డితో నిండి ఉన్నప్పుడు ఫోన్ జేబులో పెట్టుకుని వినలేడు. దీనికి మేం కనుక్కున్న మార్గం యూట్యూబ్ మ్యూజిక్. అందులో పాడ్‌కాస్ట్‌గా గుర్తింపు పొందిన ఎపిసోడ్‌లని స్క్రీన్ ఆపి కూడా ఉచితంగా వినొచ్చు. ఇందుకు ముందుగా యూట్యూబ్ స్టూడియోలో మన ఎపిసోడ్‌ల ప్లేలిస్టుని పాడ్‌కాస్ట్‌గా మార్చాలి. ఆ తరువాత లింకు తయారుచేయడం కష్టమేమీ కాదు, వీడియో గుర్తు అదే ఉంటుంది, ముందున్న చిరునామా మాత్రం మారుతుంది:

```
https://youtu.be/VIDEO_ID
https://music.youtube.com/watch?v=VIDEO_ID
```

డేటా సంగతి కూడా కొందరు అడుగుతారు. మా ఆడియో ఫైలు సెకనుకి 64 కిలోబిట్ల మోనో, 42 నిమిషాలకి సుమారు 20 ఎంబీ అవుతుంది. వీడియో దీనికి చాలా రెట్లు తింటుంది. రోజువారీ డేటా సాయంత్రానికే అయిపోయే ఇళ్ళలో ఇది చిన్న విషయం కాదు. అందుకే ఆడియో దారి కూడా ఒకటి పోస్టులో ఉంచుతాం.

మొత్తానికి మేం స్థిరపడిన పద్ధతి ఇది: ముందు ఒక నేరు లింకు, దాని కింద ‘ఇంకో చోట వినాలంటే’ అని ఒక పేజీ లింకు. రెండే. మొదటిది పదిమందిలో ఎక్కువమందికి, రెండోది మిగతావాళ్ళకి. హైదరాబాదులోనో, డాలస్‌లోనో ఉండి ఐఫోన్ వాడే కొడుకు రెండోదాన్ని నొక్కి వింటాడు, మొదటిదాన్ని ఊళ్ళో నాన్నకి పంపుతాడు. మీ శ్రోతలు ఎక్కువగా పట్నాల్లో, ఆఫీసుకి వెళ్తూ వినేవాళ్ళయితే నేరు లింకుగా స్పాటిఫై పెట్టుకోవచ్చు. ఊహించనక్కరలేదు, మీరు ఆడియో ఎక్కించే హోస్టింగ్ వేదిక గణాంకాల్లో ఏ ఆప్ నుంచి ఎంతమంది వింటున్నారో కనబడుతుంది, యూట్యూబ్ స్టూడియోలో దాని లెక్క ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసి తేల్చుకోండి.

లింకు కాపీ చేసేటప్పుడు చివర `?si=` అని మొదలయ్యే తోక వస్తుంది. అది ఎవరు పంచుకున్నారో గుర్తుపట్టడానికి ఉన్నది. తీసేసినా లింకు పనిచేస్తుంది, చూడటానికి చిన్నగా ఉంటుంది.

సమయం చూపే లింకు

ఒక ముఖ్యాంశం దగ్గరికే నేరుగా తీసుకెళ్ళాలంటే యూట్యూబ్ లింకు చివర సెకన్లు చేర్చవచ్చు. పరీక్ష ఎలా చేయాలో డాక్టరమ్మ చెప్పేది 18 నిమిషాల 20 సెకన్ల దగ్గర. అంటే 18 × 60 + 20 = 1100 సెకన్లు.

```
https://youtu.be/VIDEO_ID?t=1100
```

ఇందులో మేం పడ్డ గోతి చెబుతాను. వీడియోకి ముందు పరిచయ సంగీతం లేదు, ఆడియోకి 40 సెకన్ల సంగీతం చేర్చాం. పోస్టులో ‘18:20 దగ్గర వినండి’ అని రాస్తే, స్పాటిఫైలో విన్నవాళ్ళకి అక్కడ ఇంకా ముందు సంగతే వచ్చింది. ఆడియో మధ్యలో ప్రకటనలు చేర్చే హోస్టింగ్ అయితే తేడా వినేవాళ్ళని బట్టి కూడా మారుతుంది. రెంటికీ ఒకే ఎడిట్ వాడండి, కుదరకపోతే సమయం పక్కన ‘యూట్యూబ్‌లో’ అని రాయండి.

ఒకే పోస్టు అన్నిచోట్లా పనికిరాదు

వాట్సాప్‌లో సందేశంలో మొదట వచ్చిన లింకుకే బొమ్మ, శీర్షిక కనబడతాయి. కాబట్టి నేరు లింకు ముందుండాలి. ఆ బొమ్మ పంపేవాళ్ళ ఫోన్‌లో తయారవుతుంది. లింకు అతికించి ఒకటి రెండు సెకన్లు ఆగి, బొమ్మ కనిపించాక పంపండి. తొందరపడితే ఉత్త లింకు వెళ్తుంది, దాన్ని ఏదో మోసపు లింకనుకుని జనం ముట్టుకోరు. గ్రూపుల్లో ఫార్వర్డ్ అయ్యే పోస్టు కాబట్టి పాడ్‌కాస్ట్ పేరు కూడా లోపల రాయాలి. పంపినవాళ్ళ పేరు పోతుంది, మాటలే మిగులుతాయి.

ఇన్‌స్టాగ్రామ్‌లో బొమ్మ కింద రాసిన లింకు నొక్కడానికి రాదు. అక్కడ లింకు అతికించడం వృథా. ప్రొఫైల్‌లో ఉన్న లింకు చూడమనాలి, లేదా స్టోరీలో లింకు స్టిక్కర్ పెట్టాలి. ఇక్కడ అన్ని వేదికల పేజీ లింకే మేలు, ఎందుకంటే ప్రొఫైల్‌లో దాన్ని వారం వారం మార్చుకోవడం తేలిక. ముఖ్యాంశాలని బొమ్మ మీదే పెద్ద అక్షరాలతో వేయండి, కింది రాత మొదటి ఒకటి రెండు వరసల తరువాత దాగిపోతుంది.

ఎక్స్‌లో డబ్బు కట్టని ఖాతాలకి 280 అక్షరాల హద్దు ఉంది, తెలుగుకి అది కనిపించేదానికన్నా ఇరుకు. ‘స్త్రీ’ అన్నది మన కంటికి ఒక్క అక్షరం, అక్కడి లెక్కలో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఒత్తులూ గుణింతాలూ అన్నీ విడిగా లెక్కకొస్తాయి. లింకు ఎంత పొడుగున్నా 23 కింద కడతారు. అందుకని అక్కడ మూడు ముఖ్యాంశాలు ఇరికించొద్దు, ఒక్కటే చాలు. మేం రాసింది ఇది, లింకుతో కలిపి సుమారు 220 అక్షరాలు:

> పాలు పితికిన వెంటనే గేదె పడుకుంటే పొదుగువాపు ముప్పు ఎక్కువ. అప్పటికి చనుమొన రంధ్రం ఇంకా పూర్తిగా మూసుకోదు. అరగంట నిలబడి ఉండేలా అప్పుడే మేత వేయండి. పాతికేళ్ళ అనుభవమున్న పశువైద్యురాలితో 42 నిమిషాలు: [లింకు]

చివరికి వాట్సాప్‌లో వెళ్ళిన పోస్టు

> పాలు తగ్గాయా? పాలు చూడటానికి బాగానే ఉన్నా లోపల పొదుగువాపు ఉండొచ్చు.
>
> పాతికేళ్ళుగా పల్లెల్లో గేదెలకి వైద్యం చేస్తున్న డాక్టరమ్మ మా పాడి రైతుల పాడ్‌కాస్ట్‌లో చెప్పినవి:
>
> పితికిన వెంటనే మేత వేసి, అరగంట పడుకోనివ్వకండి. చనుమొన రంధ్రం పూర్తిగా మూసుకోవడానికి సమయం పడుతుంది. ఇలా చేస్తే ముప్పు చాలావరకు తగ్గుతుంది.
>
> మంచి గేదెలని ముందు పితకండి, జబ్బున్నదాన్ని ఆఖరున. చేతుల ద్వారా కూడా జబ్బు పాకుతుంది.
>
> కనబడని పొదుగువాపుని పాకలోనే పట్టుకునే పరీక్ష ఉంది. ఎలా చేయాలో యూట్యూబ్‌లో 18:20 దగ్గర.
>
> వినండి (42 నిమిషాలు): [యూట్యూబ్ లింకు]
> స్క్రీన్ ఆపి వినాలన్నా, వేరే ఆప్‌లో వినాలన్నా: [పేజీ లింకు]

ఇందులో డాక్టరమ్మ పేరు ఉంది, ఇక్కడ తీసేశాను. మొదటి వాక్యం మీద మేం చాలాసేపు ఆలోచించాం. ముందు ‘కొత్త ఎపిసోడ్ వచ్చేసింది’ అని ఉండేది. ఎపిసోడ్ రావడం మాకు వార్త, రైతుకి కాదు. ఆయనకి వార్త పాలు తగ్గడం. అందుకే దాన్ని పైకి తెచ్చాం. మొదటి వాక్యంలో ప్రశ్న ఉంది కదా అని మీరడగొచ్చు. ఉంది, కానీ పక్కనే జవాబూ ఉంది. దాచిపెట్టి ఊరించడం లేదు.

నిడివి రాయడం కూడా కావాలనే. 42 నిమిషాలని తెలిస్తే, పాలకేంద్రానికి వెళ్ళొచ్చేలోపు వినొచ్చా, రాత్రికి ఉంచుకోవాలా అన్నది ముందే అనుకుంటారు.

ఎప్పుడు పెట్టాలి

హోస్టింగ్ వేదికలో ‘ప్రచురించు’ నొక్కిన వెంటనే పెట్టొద్దు. ఎపిసోడ్ మన పాడ్‌కాస్ట్ RSS ఫీడ్‌లోకి, అంటే ఎపిసోడ్‌ల వివరాలుండే జాబితాలోకి వెళ్తుంది, ఒక్కో వేదిక ఆ ఫీడ్‌ని తన వీలుని బట్టి చదువుకుంటుంది. స్పాటిఫైలో సాధారణంగా త్వరగానే కనిపిస్తుంది, ఆపిల్‌లో కొన్ని గంటలు పట్టవచ్చు, ఒక్కోసారి రోజు కూడా. ఆలోపు పోస్టు పెడితే మొదట నొక్కినవాళ్ళకి, అంటే మనమీద అందరికన్నా అభిమానం ఉన్నవాళ్ళకి, ఖాళీ పేజీ కనబడుతుంది. మేం ముందురోజు రాత్రి ప్రచురించి, పొద్దున పాల పని అయ్యాక, తొమ్మిదిన్నర ప్రాంతంలో పోస్టు పెడతాం. ఆ మధ్యలో లింకులన్నీ వచ్చాయో లేదో చూసుకునే సమయం దొరుకుతుంది.

చూసుకోవడం అంటే మన ఫోన్‌లో కాదు. మన ఫోన్‌లో మన ఖాతాతో లాగిన్ అయి ఉంటాం, ఆప్‌లన్నీ ఉంటాయి, అన్ని లింకులూ పనిచేస్తాయి. యూట్యూబ్ వీడియో పొరపాటున ‘ప్రైవేటు’లో ఉండిపోయినా మనకి తెరుచుకుంటుంది, ఊరందరికీ తెరుచుకోదు. పొదుగువాపు ఎపిసోడ్‌కి మాకు సరిగ్గా అదే జరిగింది. పోస్టు సిద్ధమయ్యాక మా అత్తమ్మ ఫోన్‌కి పంపి, ఆవిడ చేత నొక్కించాను. “ఏమీ రావట్లేదు అల్లుడూ” అంది. అప్పటికి తొమ్మిదీ పదిహేను. వీడియోని ‘పబ్లిక్’ చేసి, మళ్ళీ నొక్కించి, డాక్టరమ్మ గొంతు వినబడ్డాక గ్రూపులకి పంపాను.